టిక్కు పెట్టాక మారిన మాట

ఆ జంతువుల ఆసుపత్రిలో మేనేజరును ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మేడం అనేవారు. ఆవిడ అటు తిరగ్గానే టిక్కు మేడం అనేవారు. ఈ సంగతి ఆవిడకు తెలియక కాదు. తెలిసీ తెలియనట్టే ఊరుకునేది. నిజం చెప్పొద్దూ, లోలోపల అది ఎవరో పిలిచి ఇచ్చిన బిరుదులాగే ఉండేది ఆవిడకు.

ఉండదా మరి? ఆవిడ రాకముందు ఆ ఆసుపత్రి వాళ్ళ ఫోను గ్రూపు ఎలా ఉండేదో చూసినవాళ్ళకు తెలుస్తుంది. రేపు నీళ్ళ ట్యాంకు కడుగుతారు అని ఒక మెసేజీ పెడితే చాలు, దాని కింద సరే అని ఒకరు, ఓకే మేడం అని ఒకరు, అలాగేనండీ అని ఇంకొకరు, మధ్యలో ఎవరో పంపిన శుభోదయం పువ్వులు, దానికి మళ్ళీ నలుగురి నమస్కారాలు. ఈ జాతరలో కుందేలుకు సెలైను మార్చమని డాక్టరు పెట్టిన మెసేజీ ఎక్కడో కొట్టుకుపోయేది. ఫోను రోజంతా చెవిలో జోరీగలా రొద పెట్టేది. అప్పుడు ఆవిడ మొదటి ఆజ్ఞ జారీ చేసింది. ఇకమీదట సరేలు, అలాగేలు బంద్. చదివినవాళ్ళు మెసేజీ మీద వేలు నొక్కి ఒక బొమ్మ పెట్టాలి, నోరు మూసుకోవాలి.

దాంతో గ్రూపులో బొమ్మల కొలువు మొదలైంది. ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు పెట్టారు. బొటనవేలు బొమ్మ ఒక్కటే, అర్థాలు మాత్రం మనిషికొకటి. డాక్టరు పెడితే కానిచ్చెయ్ అని. నర్సు పెడితే చూశాలే, ఇంక విసిగించకు అని. వార్డులో పనిచేసే పెద్దాయనను అందరూ బాబాయి అంటారు. ఆయన పెడితే ఏ అర్థమూ లేదు, బొమ్మ బాగుందని పెట్టేవాడు. చివరికి ఒకరోజు, ఎవరో దొరగారి పెంపుడు చిలుక చనిపోయిందని గ్రూపులో పెడితే, డాక్టరుగారి వేలు జారి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మ మీద పడింది. అది చూసి కాంపౌండరు కూడా నవ్వే బొమ్మే పెట్టాడు, డాక్టరుగారు నవ్వితే తాను నవ్వకపోతే బాగుండదని. పాపం చిలుక.

ఆ చిలుక చలవ వల్ల రెండో ఆజ్ఞ వచ్చింది. రెండే బొమ్మలు. చదివాను, అర్థమైంది అంటే టిక్కు. పని నేను చేతిలోకి తీసుకున్నాను అంటే రెండు కళ్ళు. మిగతావి పండగలకు, పుట్టినరోజులకు దాచుకోండి అంది. దాని వెనకే మూడో ఆజ్ఞ: ఒక విషయానికి ఒకటే మెసేజీ. ఏదైనా మారితే కొత్తది పెట్టి గందరగోళం చేయకుండా, ఉన్న మెసేజీనే దిద్దాలి. అప్పుడు గ్రూపు తెరిచినవాడికి పాత మాట కనిపించదు, తాజా మాటే కనిపిస్తుంది. ఈ మూడో ఆజ్ఞ అంటే ఆవిడకు తగని ముద్దు. ఈ మాట మీకు గుర్తుండాలి, ముందు ముందు దీనితోనే పని.

ఇలా ఏడాది గడిచింది. గ్రూపు అద్దంలా తయారైంది. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో మెసేజీ కింద లెక్క కనిపించేది. డాక్టరు ఏమడిగినా ఆవిడ ఫోను తీసి అందరి టిక్కులూ ఉన్నాయండీ అని చూపించేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మెడ కొంచెం పొడుగయ్యేదని నర్సు అంటుంది. నర్సు మాటలు అన్నీ నమ్మక్కర్లేదు గాని, ఇది నిజమే.

ఇంట్లో మాత్రం కథ తిరగబడేది. ఆవిడ భర్త లెక్కల మాస్టారు. బడిలో అరిచి అరిచి గొంతు అరిగిపోయిందని ఇంటి విషయాల్లో బొటనవేలితోనే సంసారం చేసేవాడు. గ్యాసు అయిపోయింది అని పంపితే బొటనవేలు. బాబుకు జ్వరంగా ఉంది అంటే బొటనవేలు. ఒకసారి కోపమొచ్చి, మీ అమ్మగారికీ నాకూ మాటా మాటా పెరిగింది, నేను పుట్టింటికి వెళ్ళిపోతున్నాను అని పంపింది. దానికీ బొటనవేలే. సాయంత్రం నిలదీస్తే, చూశానని చెప్పడానికి పెట్టాను, వెళ్ళమని కాదు అన్నాడు. మనిషి నోటికి ఏమైనా రోగమా అని ఆవిడ ఆ రోజు దులిపేసింది. ఆసుపత్రిలో నోరు మూయించింది ఆవిడే, ఇంట్లో నోరు తెరవమని పోరేదీ ఆవిడే. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా పొసిగాయని అడక్కండి. మనమంతా అలాంటివాళ్ళమే.

సరే, ఆ రోజు సంగతికి వద్దాం.

ముందురోజు సాయంత్రమే ఒక టైలరు పెద్దాయన తన కుక్కను తెచ్చి వార్డులో చేర్చాడు. దాని పేరు దొరసాని. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము, ఊరందరూ తనకు అద్దె బాకీ ఉన్నట్టు చూసే చూపు. పొట్ట కింద పాల గ్రంథి దగ్గర గడ్డ లేచింది, కోసి తీసెయ్యాలి. పెద్దాయనకు ఇంట్లో కుట్టుమిషను, ఆ కుక్క తప్ప ఇంకెవరూ లేరు. మిషను కాలి దగ్గర దాని పడక. మిషను ఆగితే అది లేస్తుంది, అది లేస్తే ఈయన అన్నానికి లేస్తాడు. అంత కట్టుదిట్టమైన సంసారం.

పొద్దున్నే ఆయన వచ్చి హాల్లో మూల కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో కుక్క గొలుసు చుట్ట చుట్టి పెట్టుకుని. మేనేజరు గాజు కిటికీ అవతల ఫోను మాట్లాడుతుంటే ఆయన లేచి వచ్చి, అమ్మా, దాన్ని ఎవరైనా దగ్గరుండి చూసుకుంటారు కదా అని అడిగాడు. ఆవిడ ఫోను చెవిన పెట్టుకునే అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించింది. ఆయన తలూపి వెళ్ళి కూర్చున్నాడు.

ఆవిడ ఫోనులో మాట్లాడుతున్నది మత్తు ఇచ్చే మిషను బాగుచేసే మెకానిక్కుతో. మిషను గొట్టం దగ్గర ఎక్కడో గ్యాసు లీకవుతోంది. మెకానిక్కు ఈ రోజు రావడం కుదరకపోవచ్చు అన్నాడు. డాక్టరు ముఖం ముడుచుకుని, అయితే దొరసానిది రేపు పెట్టుకుందాం, పాపం దానికి తిండైనా పెట్టించండి, రాత్రి నుంచి కడుపు మాడ్చాం అన్నాడు. ఆవిడ వెంటనే గ్రూపులో పెట్టింది: దొరసాని ఆపరేషను రేపటికి వాయిదా. ఇప్పుడు తిండి పెట్టొచ్చు. కాఫీ కప్పు కింద పెట్టేలోగా టిక్కులు పడ్డాయి. నర్సు, కాంపౌండరు, బాబాయి, అందరూ.

బాబాయి టిక్కు పెట్టి ఊరుకునే రకం కాదు. దొరసాని రాత్రంతా బోను కడ్డీలు గోకుతూ ఆయన ప్రాణం తోడేసింది. గిన్నె నిండా మెత్తటి తిండి పెట్టాడు. అది గిన్నె ఖాళీ చేసి ఆయన వైపు చూసింది. ఇంకొంచెం వేశాడు. తర్వాత గిన్నె తోమి బోర్లించాడు, బోను ముందు నేల తుడిచాడు. తిన్న జాడ ఎక్కడా లేదు. శుభ్రం విషయంలో బాబాయికి వంక పెట్టలేం. అక్కడి నుంచి వెనక సందులోకి వెళ్ళి దాణా బస్తాలు దింపించుకుంటూ నిలబడ్డాడు.

ఇంతలో, రానన్న మెకానిక్కు ఊడిపడ్డాడు. పక్క వీధిలో పనికొచ్చాడట. మిషను విప్పి, అరిగిపోయిన రబ్బరు రింగు తీసి కొత్తది వేసి, ఇంతే కదా అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. డాక్టరుకు హుషారొచ్చింది. పదకొండింటికి దొరసానిది కానిచ్చేద్దాం, తిండి మాత్రం పెట్టొద్దనండి అన్నాడు. మన టిక్కు మేడం మూడో ఆజ్ఞ ప్రకారం, పద్ధతిగా, పాత మెసేజీనే తెరిచి దిద్దింది: దొరసాని ఆపరేషను ఈ రోజే. తిండి పెట్టొద్దు. దిద్ది చూసుకుంటే దాని కింద టిక్కులన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆవిడ కళ్ళు చల్లబడ్డాయి.

అవి పొద్దుటి టిక్కులని, మెసేజీ దిద్దితే ఎవరి ఫోనూ మోగదని, దిద్దబడింది అనే ముక్క ఒక మూల చీమతలకాయంత అక్షరాల్లో పడుతుందని ఆవిడకు తెలియదా అంటే, తెలుసు. తెలిసింది తట్టకపోవడం వేరు.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్తూ, కుక్క ఏమీ తినలేదుగా అని అడిగాడు. ఆవిడ ఫోను ఎత్తి చూపించి, అందరి టిక్కులూ ఉన్నాయండీ అంది. మెడ కూడా పొడుగైంది. నర్సు వార్డుకెళ్ళి చూస్తే బాబాయి లేడు, బోను శుభ్రంగా ఉంది, గిన్నె బోర్లించి ఉంది. పెట్టలేదన్నమాట అనుకుని దొరసానిని ఎత్తుకుని థియేటరులోకి తీసుకెళ్ళింది. ఎత్తుకున్నప్పుడు ఇది నిన్నటికంటే బరువెక్కిందేమిటి అనిపించిందట నర్సుకు. ఆ మాట సాయంత్రం చెప్పింది. సాయంత్రం చెప్పి ఏం లాభం?

థియేటరులో దొరసానికి కాలి మీద వెంట్రుకలు గొరిగి సూది గొట్టం బిగించారు. నెమ్మదించడానికి మొదటి ఇంజెక్షను ఇచ్చారు. అది పని చేశాక పూర్తి మత్తు మందు ఎక్కించి, గొంతులో గొట్టం దించి, గ్యాసు పెట్టాలి. అదీ వరుస.

సరిగ్గా ఆ సమయంలో మేనేజరు ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల అత్తగారు.

ఆవిడను పొద్దున కంటి ఆసుపత్రిలో దింపింది కొడుకే. తిరిగి తీసుకురావలసిందీ ఆయనే. కళ్ళలో మందు చుక్కలు వేశారు, ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియడం లేదు, మెట్ల మీద ఎండలో నిలబడి ఎంతసేపైందో తెలియదు, ఎవరో పుణ్యాత్ముడి ఫోను అడుక్కుని చేస్తున్నాను అని అత్తగారు ఒక్క గుక్కలో చెప్పింది. చివర్లో, నన్ను ఇక్కడే వదిలేద్దామని నిర్ణయించుకుంటే చెప్పండి, ఇక్కడి ఆయా మంచిదే, సర్దుకుపోతాను అని కూడా అంది. కోడలు ఎర్రగా మండిపోయింది. ఈసారి మంట అత్తగారి మీద కాదు.

మాస్టారికి ఫోను కొట్టింది. ఆయన అప్పుడే క్లాసులోంచి బయటికొచ్చాడు.

"ఏమండీ, అత్తయ్యను పదిన్నరకు తీసుకురమ్మన్నానా లేదా? పాపం ఆవిడ గుడ్డిగా మెట్ల మీద నిలబడింది. మెసేజీకి బొటనవేలు కూడా పెట్టారు కదా, సిగ్గు లేకుండా."

"పదిన్నర ఎక్కడిది? పన్నెండు అన్నావు."

"తెరిచి చూడండి."

ఆయన మెసేజీ తెరిచి చూశాడు. తర్వాత ఆయన గొంతు, పిల్లాడి లెక్కలో తప్పు ఎక్కడుందో దొరికినప్పుడు మాస్టార్లకు వచ్చే గొంతుతో, నిదానంగా వినిపించింది.

"టిఫిను దగ్గర నువ్వు పన్నెండు అని పంపావు. దానికి వేలు పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడో పదిన్నర అని దిద్దావు. నాకేం మోగలేదు. నా వేలు మాత్రం అక్కడే ఉంది. నేను సంతకం పెట్టింది ఒక కాగితం మీద, నువ్వు కాగితం మార్చేసి సంతకం అలాగే ఉంచుకున్నావు. ఇదేం న్యాయం?"

నిజమే. పొద్దున కంటి ఆసుపత్రి వాళ్ళు ఫోను చేసి, డాక్టరు తొందరగా వెళ్ళిపోతారు, పదిన్నరకే వచ్చి తీసుకెళ్ళండి అంటే, ఆవిడే అలవాటు కొద్దీ పాత మెసేజీ దిద్దింది. సరే నేను వెళ్తున్నాను, నువ్వు పెట్టెయ్ అని ఆయన అంటూనే ఉన్నాడు. ఆవిడకు వినపడలేదు.

నా వేలు అక్కడే ఉంది. టిక్కులూ అక్కడే ఉన్నాయి. అవి దేని టిక్కులు?

తిన్న కుక్కకు మత్తిస్తే ఏమవుతుందో ఆ ఆసుపత్రిలో గడప తుడిచేవాళ్ళకు కూడా తెలుసు. స్పృహ లేనప్పుడు కడుపులోది పైకి తన్నుకొస్తే మింగడం ఉండదు, దగ్గడం ఉండదు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆపరేషను బ్రహ్మాండంగా జరిగి కుక్క పోతుంది. ఇంత బతుకూ బతికి, గడ్డతో కాదు, గిన్నెడు తిండితో పోతుంది.

ఆవిడ పరుగెత్తింది. హాల్లోంచి, టైలరు పెద్దాయన ముందు నుంచి, చెప్పు ఒకటి జారిపోతే వదిలేసి. ఆయన సగం లేచి నిలబడ్డాడు. ఆవిడ చూడలేదు. థియేటరు తలుపు మీద లోపలికి రావద్దని బోర్డు. ఆ బోర్డు పెట్టించింది కూడా ఆవిడే. తలుపు తోసేసింది.

డాక్టరు చేతిలో సిరంజి, దాని మొన దొరసాని కాలికున్న గొట్టంలో.

"ఆపండి. అది తినిందేమో."

"తినలేదన్నారు కదా?"

"అన్నాను. నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఆపమంటున్నాను."

డాక్టరు సిరంజి బయటికి తీశాడు. మందు ఇంకా లోపలికి పోలేదు. బాబాయిని పిలవమని అరిచాడు. దాణా పొట్టు నెత్తిన వేసుకుని బాబాయి తలుపు దగ్గరికొచ్చి, బల్ల మీద దొరసానిని చూసి నోరు తెరిచాడు. రేపు కదా అన్నాడు. తిండి పెట్టావా అని డాక్టరు అడిగితే, పెట్టాను సార్, రెండోసారి అడిగితే అదీ పెట్టాను అన్నాడు, మెచ్చుకుంటారని.

దొరసాని ఇంక సాక్ష్యం చెప్పక తప్పదనుకుంది కాబోలు. మొదటి ఇంజెక్షనుకు కొన్ని కుక్కలకు వాంతి వస్తుంది. తల బల్ల అంచు మీదికి వాల్చి, మత్తు కళ్ళతో ఒకసారి అందరినీ చూసి, తిన్నదంతా డాక్టరుగారి బూట్ల మీద అప్పజెప్పింది. మొదటి గిన్నె, రెండో గిన్నె, లెక్క సరిపోయింది. నర్సు దాని తల కిందికి వంచి పట్టుకుని నోరు తుడిచింది. స్పృహలో ఉంది కాబట్టి అంతా బయటికే వచ్చింది. మేడం ఇంకొక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే దారి వేరు.

డాక్టరు బూట్లు చూసుకున్నాడు. కుక్కను చూశాడు. తర్వాత బాబాయి వైపు తిరిగాడు. అప్పుడు ఆయన చేసిన పని, ఆ ఆసుపత్రిలో ఏడాదిగా అందరూ నేర్చుకున్న పనే. జేబులోంచి ఫోను తీసి గ్రూపు తెరిచాడు. ఇదేమిటయ్యా, తిండి పెట్టొద్దు అని స్పష్టంగా ఉంది, కింద నీ టిక్కు ఉంది, చదివి కూడా పెట్టావా అన్నాడు. పొద్దున పెట్టించమన్నది తానేనని ఆయనకు తట్టలేదు. గొంతు పెద్దది చేయలేదు. అందుకే అందరికీ ఇంకా భయం వేసింది. నువ్వు రేపటి నుంచి రానక్కర్లేదు అనే మాట ఆయన పెదాల చివరిదాకా వచ్చి ఉంది.

బాబాయి ఆ ఫోనులోకి తొంగి చూశాడు. తన టిక్కు. దాని పైన తాను ఎప్పుడూ చదవని మాటలు. ఆయన ముఖంలో కోపం రాలేదు. నాకే మతి పోయిందా అనే అనుమానం వచ్చింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తప్పు నాదేనేమో సార్ అనబోయాడు, పెదాలు కదిలాయి.

ఇక్కడ మన టిక్కు మేడం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్క క్షణం ఆవిడ ఊరుకుంది. దిద్దింది ఎవరూ గమనించలేదు. చీమతలకాయంత అక్షరాలు ఎవరు చూస్తారు? ఊరుకుంటే ఏడాది కట్టిన కోట నిలబడుతుంది, బిరుదు నిలబడుతుంది. బాబాయికి ఇంకో చోట పని దొరక్కపోదు అని కూడా ఒక ఆలోచన వచ్చింది, పాడు ఆలోచన. ఆ తర్వాత ఎండలో మెట్ల మీద నిలబడ్డ అత్తగారు, నేను సంతకం పెట్టింది వేరే కాగితం మీద అన్న మాస్టారు గుర్తొచ్చారు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన చదివింది ఆ మాటలు కాదండీ. పెట్టొచ్చు అని రాసింది నేనే. ఆయన టిక్కు పెట్టాక పెట్టొద్దు అని దిద్దిందీ నేనే. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది."

డాక్టరు ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మూల అక్షరాలు చదివాడు. బూట్లు విప్పి కుళాయి కింద పెట్టి, దొరసానికి రేపు చేద్దాం అని మాత్రం అన్నాడు. బాబాయి గుమ్మం దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

హాల్లో పెద్దాయన ఇంకా సగం లేచే ఉన్నాడు. ఆవిడ ఒక కాలికి చెప్పుతో ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. జరిగింది చెప్పింది, మత్తు మిషను దగ్గర మొదలుపెట్టి వాంతి దాకా, నా వల్లే అని దాచకుండా. ఆయన గొలుసును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నాడు. తిట్టి ఉంటే ఆవిడకు తేలికయ్యేది. పొద్దున నేను అడిగితే మీరు వేలు చూపించారమ్మా అన్నాడు అంతే. తర్వాత, కడుపు నిండా తినిందా మరి, ఎంతైనా రాత్రంతా ఆకలితో ఉంది అన్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చేసింది. ఆయన కంగారుపడి జేబులోంచి గుడ్డ ముక్క తీసి ఇచ్చాడు. లైనింగు గుడ్డ, అంచు కుట్టి ఉంది.

మధ్యాహ్నం ఆవిడ గ్రూపులో క్షమాపణ పెట్టింది. పెద్ద మెసేజీ. జరిగిన తప్పు, కొత్త పద్ధతి. మామూలు కబుర్లకు టిక్కు చాలు. తిండి, మందు, ఆపరేషను, ఈ మూడింటికీ చాలదు. చేసే మనిషితో నోటితో చెప్పాలి, ఆ మనిషి విన్నది మళ్ళీ నోటితో తిరిగి చెప్పాలి. ఏదైనా మారితే పాతది దిద్దకూడదు, మారింది అని కొత్త మెసేజీ పెట్టాలి, మళ్ళీ చెప్పాలి. కింద బాబాయికి పేరు పెట్టి క్షమాపణ. చదివి చదివి, అక్షరాలు సరిచూసి పెట్టింది.

టిక్కులు వచ్చాయి. నర్సు నిబంధన మరిచి ఎర్ర గుండె బొమ్మ కూడా పెట్టింది. కాంపౌండరు కన్నీళ్ళ బొమ్మ. డాక్టరు టిక్కు పెట్టాడు, ఈసారి వేలు జారలేదు. బాబాయి టిక్కు లేదు.

సాయంత్రం దాకా లేదు. పరీక్ష ఫలితం చూసుకునే పిల్లలా ఆవిడ ఫోను తీసి చూడ్డం, పెట్టడం, మళ్ళీ తీయడం. చదివాడు, అదీ తెలుస్తోంది. ఇంటికి బయల్దేరే వేళకు ఆవిడకు ఒళ్ళు మండింది కూడా. ఇంత పెద్ద మెసేజీ పెట్టాను, నలుగురిలో తల వంచాను, ఒక్క టిక్కు పెడితే వేలు అరిగిపోతుందా అనుకుంది. అనుకుంటూనే వార్డులోకి వెళ్ళింది.

బాబాయి గిన్నెలు తోముతున్నాడు. దొరసాని బోనులో పడుకుని, జరిగినదానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు గురక పెడుతోంది.

"మెసేజీ చూశావా బాబాయ్?"

"చూశాను మేడం."

"మరి టిక్కు పెట్టలేదేం?"

ఆయన గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు.

"పెడతాను. రేపు మీరు దాని పైన ఏ మాట రాసుకుంటారో తెలియక ఆగాను."

ఎకసెక్కం కాదు. ఆయన నిజంగానే ఆ భయంతోనే ఆగాడు. పొద్దున తన మతి మీద తనకే నమ్మకం పోయిన ఆ క్షణం ఆయన గొంతులో ఇంకా ఉంది. ఆవిడ మంటంతా ఎక్కడికి పోయిందో, నిలువునా నీరైపోయింది. ఫోను తీసి పక్కనున్న దాణా బస్తా మీద బోర్లా పెట్టింది.

"నా వల్ల నీ మీద నీకే అనుమానం వచ్చింది. డాక్టరుగారు నిన్ను అంటుంటే నేను ఒక క్షణం ఊరుకున్నాను కూడా. అది మెసేజీలో రాయలేదు. తప్పైపోయింది బాబాయ్."

ఆయన కుళాయి వైపు తిరిగాడు. నీళ్ళ చుక్క పడుతోంది, దాన్ని గట్టిగా తిప్పి కట్టేశాడు.

"ఊరుకున్నారని చూశాను. చెప్తారా లేదా అని చూశాను. సరే మేడం, చెప్పారుగా."

తర్వాత ఆయన తన లోకంలోకి వచ్చేసి, రేపటి మాట ఇప్పుడే చెప్పండి, మళ్ళీ ఎవరూ నా పీకల మీదికి తేకుండా అన్నాడు. దొరసానికి రేపు ఆపరేషను, రాత్రి నుంచి తిండి పెట్టొద్దు అని ఆవిడ చెప్పింది. దొరసానికి రేపు ఆపరేషను, రాత్రి నుంచి తిండి పెట్టను అని ఆయన తిరిగి చెప్పాడు. ఎంత గోకినా పెట్టను అని కూడా కలిపాడు. ఆ మాట వినగానే దొరసాని ఒక కన్ను తెరిచి ఆయన వంక చూసింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో మహారాణిలా కూర్చుని ఉంది. మాస్టారు పేపర్లు దిద్దుకుంటున్నాడు. పొద్దున కసిరినందుకు ఆవిడ ఆటోలో వస్తూ ఆయనకు ఒక మెసేజీ రాసి, పంపకుండా చెరిపేసింది. ఇప్పుడు ఆయన ఎదురుగా నిలబడి చెప్పింది. తప్పు నాదేనండీ, దిద్ది మీకు చెప్పలేదు, పైగా అరిచాను.

మాస్టారు తలెత్తాడు. అలవాటు కొద్దీ బొటనవేలు లేచింది. సగంలో ఆవిడ ముఖం చూసి ఆ వేలు దింపేశాడు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, నోరు తెరిచి, పెళ్ళైన కొత్తలో మాట్లాడినట్టు తడబడుతూ, సరే అన్నాడు.